ఒక్క టేక్‌లో కిరాణా షాపు యాడ్: ఫోన్ ఆర్డర్, హోమ్ డెలివరీ కోసం స్క్రిప్టు రాసి షూట్ చేసే పద్ధతి

"మా షాపులో కూడా ఫోన్ చేస్తే ఇంటికి పంపిస్తున్నామని ఒక చిన్న వీడియో పెట్టాలి, ఎడిటింగ్ మాకు రాదు, ఎలా రాసుకోవాలి?" అని బెంగళూరులో కిరాణా షాపులు నడిపే మనవాళ్లు చాలామంది అడుగుతున్నారు. మారతహళ్లి పక్కన మున్నెకొళాలలో ఒక షాపు కోసం ఈ మధ్య చేసిన యాడ్‌నే ఉదాహరణగా తీసుకుని, మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. షాపు నడిపేది అన్నా వదినలు. స్కూటీ మీద సరుకులు చేరవేసేది ఆ అన్న తమ్ముడు. కెమెరా పట్టుకున్నది వాళ్ల అబ్బాయి, మామూలు ఫోన్‌తోనే.

వీడియో 45 సెకన్లు, నిలువుగా, కట్ లేకుండా. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లేది కాబట్టి అంతకన్నా పొడవు వద్దు.

## 1. పేపరు మీద పెన్ను పెట్టే ముందు

స్క్రిప్టు ఆగిపోయేది మాటలు రాక కాదు. షాపు వాళ్లు ఇంకా తేల్చుకోని విషయాలు ఉండబట్టి ఆగిపోతుంది. మేం కూర్చున్న రోజు "ఎంత దూరం పంపిస్తారు?" అని అడిగితే అన్న ఒక మాట, వదిన ఇంకో మాట చెప్పారు. ముందు ఈ ఐదూ ఇంట్లో తేల్చుకోండి:

- ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పంపిస్తారు? కిలోమీటర్లలో వద్దు, అందరికీ తెలిసిన గుర్తుల్లో చెప్పండి. మా షాపుకు నీళ్ల ట్యాంకు ఒక హద్దు, గుడి ఇంకో హద్దు.
- ఎంత బిల్లు దాటితే చార్జీ లేదు?
- ఏ టైము నుంచి ఏ టైము దాకా ఫోన్ ఎత్తుతారు?
- ఇంటికి పంపే సరుకు రేటు షాపు రేటేనా?
- ఆ నంబరుకు సాయంత్రం రద్దీలో ఫోన్ వస్తే ఎత్తేది ఎవరు?

చివరి ప్రశ్న యాడ్‌కు సంబంధం లేనిదిలా అనిపిస్తుంది కానీ చాలా ముఖ్యం. అన్న సొంత నంబరు ఇస్తే ఊరి నుంచి వచ్చే ఫోన్లు, సరుకు ఏజెంట్ల ఫోన్లు, ఆర్డర్లు అన్నీ కలిసిపోతాయి. వాళ్లు ఆర్డర్ల కోసమే వేరే సిమ్ తీసుకుని, ఆ ఫోన్ కౌంటరు దగ్గరే ఉంచుతున్నారు.

"పది నిమిషాల్లో" లాంటి మాట ఇవ్వకండి. స్కూటీ ఒక్కటే ఉంది, పైగా మూడో అంతస్తుకు లిఫ్టు లేని ఇళ్లు బోలెడు. నిలబెట్టుకోలేని మాట ప్రకటనలో చెబితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని తప్పుదోవ పట్టించే ప్రకటనగానే చూస్తుంది. అంతకన్నా ముందు పక్కింటావిడే నిలదీస్తుంది.

## 2. చివరి సెకను నుంచి వెనక్కి రాయండి

మామూలు యాడ్‌లో నంబరు తెర కింద వేసేయొచ్చు. ఎడిటింగ్ లేని ఒక్క టేక్‌లో నంబరు నోటితో చెప్పాలి, కంటికీ కనిపించాలి. అందుకే ముందు నంబరుకు చోటు కేటాయించి, మిగిలిన టైములోనే మిగతా మాటలు సర్దుకోవాలి.

పది అంకెలను ఐదు, ఐదుగా విడగొట్టి, మధ్యలో ఊపిరి తీసుకుని చెబితే ఐదారు సెకన్లు పడుతుంది. రెండుసార్లు చెప్పాలి కాబట్టి 12 సెకన్లు అనుకోండి. ఫోన్ కింద పెట్టడం, సంచి అందుకోవడం, గుమ్మం దాకా నడవడం లాంటి మాటలు లేని క్షణాలు ఆరు. 45లో 18 పోతే 27 మిగిలాయి.

తెలుగులో స్పష్టంగా, తొందర లేకుండా మాట్లాడితే సెకనుకు రెండు పదాలు అని నేను లెక్క వేసుకుంటాను. అంటే 54 పదాలు. అన్న రాసుకొచ్చిన మొదటి స్క్రిప్టులో 140 పదాలున్నాయి. అందులో బియ్యం రకాలే ఎనిమిది. షాపులో ఏం దొరుకుతుందో ఆ వీధి వాళ్లకు ఇప్పటికే తెలుసు. వాళ్లకు తెలియనిది ఫోన్ చేస్తే ఇంటికి వస్తుందన్న ఒక్క సంగతి. ఈ లెక్కతో కత్తిరిస్తే సరుకుల జాబితా దానంతట అదే పోతుంది.

అంకెలు ఏ భాషలో చెప్పాలి అని అడుగుతారు. ఇక్కడ మన ఇళ్లలో ఫోన్ నంబరు "నైన్, ఎయిట్" అనే చెప్పుకుంటారు, అలాగే చెప్పండి. కన్నడంలో కూడా యాడ్ కావాలంటే దానికి వేరే టేక్ తీయండి. ఒకే టేక్‌లో రెండు భాషలు కలిపితే రెండింటికీ టైము చాలదు.

## 3. దారి గీయండి: కెమెరా వీపు ఎప్పుడూ రోడ్డు వైపే

ఒక్క టేక్‌లో ఎక్కువ పాడయ్యేది వెలుతురు వల్ల. లోపల ట్యూబ్‌లైటు, బయట ఎండ. కెమెరా లోపలి నుంచి గుమ్మం వైపు చూసిందా, మనిషి నల్లటి నీడలా మారిపోతాడు.

దీనికి ఖర్చులేని మందు ఒకటుంది. కెమెరా పట్టుకున్నవాళ్లు మాట్లాడే మనిషికి ఎదురుగా ఉండి, వెనక్కి నడుస్తూ గుమ్మం వైపు రావాలి. అప్పుడు బయటి వెలుగు కెమెరా వెనక నుంచి వచ్చి మనిషి ముఖం మీద పడుతుంది. వెనకాల కనిపించేది అరలూ సరుకులూ. ఎంత దగ్గరికి వస్తే ముఖం అంత తేటగా కనిపిస్తుంది.

వెనక్కి నడిచేవాళ్ల బెల్టు పట్టుకుని నడిపించడానికి ఇంకొకరు కావాలి. మాకు ఆ పని అన్న చేశారు. గుమ్మం మెట్టు రాగానే వీపు మీద ఒకసారి తడితే "మెట్టు" అని అర్థం.

నేల మీద ఇన్సులేషన్ టేపుతో మూడు గుర్తులు వేయండి:

1. కౌంటరు. ఇక్కడ వదిన ఫోన్‌లో ఆర్డరు రాసుకుంటుంది.
2. అరల మధ్య దారి. ఇక్కడ రేటు, చార్జీ, టైము, హద్దులు చెబుతుంది.
3. గుమ్మం. ఇక్కడ సంచి తమ్ముడి చేతికి ఇచ్చి నంబరు చెబుతుంది.

వదిన ప్రతి గుర్తు దగ్గర ఆగాల్సిన పని లేదు. ఏ మాట ఎక్కడ మొదలవ్వాలో గుర్తు చేయడానికే ఆ టేపు. మాటలు మరిచిపోయినా కాళ్లు మరిచిపోవు. టేపు కనపడగానే తర్వాతి మాట దానంతట అదే వస్తుంది.

## 4. కష్టమైన పని మొదటి పది సెకన్లలోనే

తొమ్మిదో సెకనులో తప్పు జరిగితే తొమ్మిది సెకన్లు పోతాయి. నలభయ్యో సెకనులో జరిగితే టేక్ మొత్తం పోతుంది, దాంతోపాటు మనుషుల ఓపికా పోతుంది. కాబట్టి నాలుక తడబడే మాటలు, చేతులు తడబడే పనులు ముందుకు తోయండి. చివర్లో కళ్లు మూసుకుని చేసేంత తేలికైన పనే ఉండాలి.

మొదట అనుకున్నది వేరేలా ఉంది. వదిన కాటా మీద కందిపప్పు తూచి, ప్యాకెట్ కట్టి, సంచిలో వేసి, తమ్ముడు స్కూటీ హుక్కుకు సంచి తగిలించి, స్టార్ట్ చేసి వెళ్లడం. తూకం స్థిరపడి, కవరు కట్టేసరికే పదిహేను సెకన్లు. సంచి హుక్కుకు పడేది మూడుసార్లలో ఒక్కసారి. అవి రెండూ తీసేశాం. కందిపప్పు, నూనె ముందే సంచిలో ఉంటాయి. కెమెరా ముందు వదిన చేసేది ఒక్కటే, కొత్తిమీర కట్ట సంచి పైన పెట్టడం. ఆ పచ్చటి కొసలు బయటికి కనిపిస్తుంటే చాలు, చూసేవాళ్లకు అది ఆర్డర్ సంచి అని చెప్పక్కర్లేదు.

## 5. పూర్తి స్క్రిప్టు

గుర్తు 1, కౌంటరు. వదిన ఎడమచేతిలో ఫోన్ చెవి దగ్గర, కుడిచేతిలో పెన్ను. ముందు చీటీల పుస్తకం. పక్కన సంచి, కొత్తిమీర.

వదిన (రాసుకుంటూ): "కందిపప్పు కిలో, నూనె రెండు ప్యాకెట్లు, కొత్తిమీర ఒక కట్ట... మూడో క్రాసే కదమ్మా? ఇప్పుడే పంపిస్తా."

ఫోన్ కింద పెడుతుంది. కొత్తిమీర సంచి పైన పెట్టి, సంచి అందుకుని కెమెరా వైపు చూస్తుంది.

వదిన: "ఇలా ఒక్క ఫోన్ చేస్తే చాలు. సరుకులు మీ గుమ్మం దగ్గరికే తెచ్చిస్తాం."

గుర్తు 2, అరల మధ్య నడుస్తూ.

వదిన: "షాపులో ఏ రేటో, ఇంటికి తెచ్చినా అదే రేటు. మూడు వందలు దాటితే డెలివరీ చార్జీ లేదు. పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఎప్పుడైనా చేయండి. నీళ్ల ట్యాంకు నుంచి గుడి వరకు అన్ని క్రాసులకీ వస్తాం."

గుర్తు 3, గుమ్మం. తమ్ముడు పక్క నుంచి ఫ్రేములోకి వచ్చి సంచి అందుకుంటాడు. వదిన తలుపు పక్కన ఆనించి ఉన్న నంబరు అట్ట తీసి ఛాతీ దగ్గర పట్టుకుంటుంది.

వదిన: "నంబరు రాసుకోండి." (ఐదు అంకెలు, ఊపిరి, ఐదు అంకెలు. మళ్లీ ఒకసారి అదే నంబరు.)

చివరి అంకె తర్వాత రెండు సెకన్లు కదలకుండా నవ్వు ముఖంతో నిలబడుతుంది. ఆ తర్వాతే కెమెరా ఆపాలి.

తమ్ముడికి మాటలు లేవు, ఆయన స్కూటీ కూడా స్టార్ట్ చేయడు. మూడో టేక్‌లో ఉత్సాహం కొద్దీ స్టార్ట్ చేశాడు, చివరి మూడు అంకెలు ఆ చప్పుడులో కలిసిపోయాయి.

షాపు పేరు ఎక్కడా లేదేమిటని మీకు అనిపించవచ్చు. అది నంబరు అట్ట మీద, నంబరుకు పైన ఉంటుంది. మీ షాపు పేరు చిన్నదైతే "నంబరు రాసుకోండి"కి ముందు చెప్పించండి. దానికి సరిపడా ఇంకెక్కడైనా రెండు పదాలు తగ్గించండి.

## 6. సామాన్లు, షాపు సర్దుబాటు

నంబరు అట్ట గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. బిస్కెట్ల కార్టన్ మూత వెనక వైపు తెల్ల కాగితం అంటించి, నల్ల మార్కరుతో రాశాం. పది అంకెలు ఒకే వరుసలో రాస్తే చిన్నవైపోతాయి. ఐదు పైన, ఐదు కింద రాయండి. గుమ్మం దగ్గర నిలబెట్టి ఒక ఫోటో తీసి, ఆ ఫోటోను పెద్దది చేయకుండా ఫోన్‌లో చూసి చదవగలరేమో చూడండి. అట్ట వెనక్కి, వదిన చూసే వైపు కూడా అదే నంబరు రాయండి. తన షాపు నంబరే అయినా కెమెరా ముందు తడబడటం సహజం. ఎదురుగా రాసి ఉంటే ఆ టెన్షన్ ఉండదు.

టేక్‌కు ముందు ఇవి సరిచూసుకోండి:

- సిగరెట్లు, గుట్కా పొట్లాలు, వాటి స్టిక్కర్లు ఫ్రేములో ఉండకూడదు. పొగాకు ఉత్పత్తుల ప్రకటనను 2003 నాటి కోట్పా చట్టం నిషేధించింది. కౌంటరు పైన వేలాడే దండలు ఆ కాసేపు తీసేయండి.
- ప్లాస్టిక్ కవరు వద్దు, గుడ్డ సంచి కావాలి. కర్ణాటకలో 2016 నుంచే ప్లాస్టిక్ క్యారీ బ్యాగుల మీద నిషేధం ఉంది. పైగా కవరు గరగరలో మాట వినపడదు.
- చీటీల పుస్తకంలో కొత్త పేజీ తెరవండి. పాత పేజీలో కస్టమర్ల పేర్లు, నంబర్లు, బాకీలు ఉంటాయి.
- టీవీ, రేడియో ఆపేయండి. వెనక సినిమా పాట వినిపిస్తే, వీడియో పెట్టిన చోట హక్కుల గొడవతో శబ్దం తీసేసే ప్రమాదం ఉంది.
- ఫ్యాను ఆపండి, ఫ్రిజ్ ఆపండి. ఫ్రిజ్ కంప్రెసర్ గుర్రుమని చేసే శబ్దం మనకు అలవాటైపోయి చెవికి ఆనదు, ఫోన్ మైకు మాత్రం దాన్ని మాటతో సమానంగా పట్టేస్తుంది. ఫ్రిజ్ ఆపగానే షాపు తాళాలు అందులో పెట్టేయండి. ఎందుకో చివర్లో చెబుతాను.

టైము మధ్యాహ్నం మూడు గంటలు పెట్టుకున్నాం. పాలు, పెరుగు రద్దీ పొద్దున్నే అయిపోతుంది, స్కూళ్లు వదిలాక మళ్లీ జనం మొదలవుతారు. ఆ మధ్య ఒక గంట దొరుకుతుంది. ఎవరైనా కస్టమర్ వస్తే సరుకు ఇచ్చి పంపాకే టేక్ మొదలుపెట్టండి. వాళ్లను అడగకుండా ఫ్రేములోకి రానివ్వకండి.

## 7. ఫోన్ కెమెరా సెట్టింగులు

- వెనక కెమెరానే వాడండి. కొన్ని ఫోన్లలో సెల్ఫీ కెమెరా బొమ్మను అద్దంలోలా తిప్పేస్తుంది, అట్ట మీద నంబరు తిరగబడుతుంది.
- లెన్సు తుడవండి. కిరాణా షాపులో చేతులకు నూనె, పిండి తప్పవు.
- ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. వదిన చేతిలో ఉన్న ఫోన్‌ను కూడా.
- ట్యూబ్‌లైట్ల కింద ముందుగా పది సెకన్లు తీసి చూడండి. నల్లటి చారలు పైకీ కిందికీ కదులుతుంటే అది మన 50 హెర్ట్జ్ కరెంటుకు, కెమెరా వేగానికి పొత్తు కుదరకపోవడం వల్ల. వేగం సెకనుకు 25 ఫ్రేములకు మార్చండి, లేదా ప్రో మోడ్‌లో షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టండి.
- వెలుతురు లాక్ చేయాలంటే వదినను గుర్తు 3 దగ్గర నిలబెట్టి, తెర మీద ఆవిడ ముఖాన్ని నొక్కి పట్టుకోండి. చాలా ఫోన్లలో అలా లాక్ అవుతుంది. కౌంటరు దగ్గర కొంచెం చీకటిగా ఉన్నా పరవాలేదు, నంబరు దగ్గర ముఖం, అట్ట తెల్లగా మాడిపోకూడదు. లోపల మరీ చీకటి అనిపిస్తే కౌంటరు మీద ఇంకో లైటు వేయండి. ఫోకస్ కూడా కలిసి లాక్ అయ్యే ఫోన్లలో కెమెరాకు, వదినకు మధ్య దూరం టేక్ అంతా ఒకేలా ఉంచాలి.

ఆ దూరం రెండు అడుగులు మించకూడదు. మైకు కెమెరాలోనే ఉంది కాబట్టి దూరం పెరిగితే మొదట పోయేది మాటే. అట్ట కూడా అంత దగ్గరలోనే చదవగలిగేలా కనిపిస్తుంది.

## 8. రిహార్సల్, టేకులు

మూడు విడతలుగా చేయండి. మొదట కూర్చుని, మాటలు మాత్రమే, టైము చూసుకుంటూ. తర్వాత కెమెరా లేకుండా, నడుస్తూ. చివరికి కెమెరాతో. మొదటి విడతలో 45 దాటితే వేగం పెంచకండి, పదాలు తగ్గించండి. మాకు 51 సెకన్లు వచ్చింది. "అందరికీ నమస్కారం" అని వదిన తనంతట తాను చేర్చిన మాట, "మా షాపులో ఇప్పుడు కొత్తగా" అన్న మాట తీసేస్తే దారికి వచ్చింది.

ఐదారు టేకుల తర్వాత గొంతు చదువుతున్నట్టు అయిపోతుంది. అప్పుడు ఆపి, టీ తాగి రండి. మేం ఏడో టేక్‌ను ఖాయం చేశాం.

మాకు ఎదురైన తప్పులు, వాటి మందులు ఇవి.

ఫోన్ మోగడం. సీనులో ఫోన్ రింగ్ అవ్వాలని అన్న పట్టుబట్టారు. బయటి నుంచి తమ్ముడు కాల్ చేస్తే ఒకసారి మూడు సెకన్లకు, ఒకసారి ఎనిమిది సెకన్లకు మోగింది. ఒక్క టేక్‌లో అలాంటి దాన్ని నమ్ముకోలేం. అందుకే వదిన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉండగానే వీడియో మొదలవుతుంది.

నిజం ఫోన్ రావడం. రెండో టేక్‌లో ఆవిడ చెవి దగ్గరున్న ఫోనే నిజంగా మోగింది. అలవాటు కొద్దీ "చెప్పండమ్మా" అని ఆర్డర్ రాసుకోవడం మొదలుపెట్టింది. ఆర్డర్ దొరికింది, టేక్ పోయింది. ఏరోప్లేన్ మోడ్ అప్పుడే గుర్తొచ్చింది.

అయితే ఆ "చెప్పండమ్మా"లో ఉన్న సహజమైన గొంతు అంతకుముందు టేక్‌లో లేదు. తర్వాతి టేకుల్లో మొదటి మాటను కెమెరాకు చెబుతున్నట్టు కాకుండా, మూడో క్రాసులో రోజూ ఫోన్ చేసే ఫలానా ఆవిడకు చెబుతున్నట్టు అనుకోమన్నాం. గొంతు మారిపోయింది. మీరు కూడా ఆ మొదటి మాటకు తెలిసిన మనిషిని ఒకరిని మనసులో పెట్టుకోండి.

పుస్తకం వైపే చూస్తూ ఉండిపోవడం. రాసుకోవడం అయిపోయాక చూపు పైకి రాదు. పెన్ను కింద పెట్టిన తర్వాతే "ఇలా ఒక్క ఫోన్" అనాలని నియమం పెట్టుకోండి. పెన్ను దిగితే తల లేస్తుంది.

అట్ట మెరవడం. కాగితం మీద ప్లాస్టిక్ టేపు అంటిస్తే వెలుగు పడి అంకెలు కనపడవు. అంచులకే అంటించండి, అట్ట పై అంచును కొంచెం ముందుకు వంచి పట్టుకోండి.

చిన్న మాట తప్పు. నడిచేటప్పుడు "దాకా" బదులు "వరకు" అంటే వదిలేయండి. రేటు, టైము, హద్దు, నంబరు, ఈ నాలుగింట్లో తప్పు దొర్లితే మాత్రం మళ్లీ తీయాల్సిందే.

## 9. టేక్ ఓకే అనే ముందు

- వీడియోను వాట్సాప్‌లో ఇంకో ఫోన్‌కు పంపి, ఆ ఫోన్‌లోనే చూడండి. పంపేటప్పుడు నాణ్యత తగ్గుతుంది, అట్ట మీద అంకెలు ఆ తర్వాత కూడా చదవగలగాలి.
- శబ్దం లేకుండా ఒకసారి చూడండి. నంబరు, షాపు పేరు తెలిశాయా?
- చూడకుండా, వింటూ ఒకసారి. హద్దులు, టైము అర్థమయ్యాయా?
- షూటింగ్‌లో లేనివాళ్లను ఒకరిని పిలిచి, ఒక్కసారి మాత్రమే చూపించి నంబరు రాయమనండి. మేం పక్క టైలర్ షాపు ఆయన్ని పిలిచాం. పది అంకెలూ సరిగ్గా రాశాడు కానీ "ఏ గుడి?" అని అడిగాడు. ఆ వీధిలో రెండు గుళ్లున్నాయి. గుడి పేరు చేర్చి ఇంకో టేక్ తీశాం, వాళ్లు పెట్టింది అదే.
- ఏరోప్లేన్ మోడ్ తీసేయండి. యాడ్ పంపేశాక ఆర్డర్ ఫోన్ అలాగే ఉండిపోతే ఒక్క కాల్ కూడా రాదు.
- షట్టరు వేయబోతే తాళాలు దొరకవు. అవి ఫ్రిజ్‌లో ఉన్నాయి. తలుపు తీసి వాటిని తీసుకున్నప్పుడే స్విచ్ వేసేయండి, పాలు, పెరుగు పాడవకముందే.